కత్తెర ఆగే చోటు: వీడియో పాఠాల కత్తిరింపులో కీఫ్రేముల పాత్ర

ఇంటర్నెట్ నుంచి దించుకొన్న వీడియో పాఠంలో అక్కరలేని భాగం ఏదో ఒకటి ఉండటం సర్వసాధారణం. ప్రొజెక్టరు మొరాయించిన నిమిషాలు, అధ్యాపకుడు హాజరు పిలిచిన సమయం, విరామంలో ఖాళీ వేదికను చూపుతూ నడిచిన కెమెరా మొదలైనవన్నీ మొదటిసారి చూసేటప్పుడు ఓర్చుకోదగినవే. పరీక్షకు ముందు అదే పాఠాన్ని పదేపదే వినవలసిన విద్యార్థికి మాత్రం అవి ప్రతిసారీ అడ్డు తగులుతాయి. ఆ భాగాన్ని తీసివేయడానికి రెండు మార్గాలున్నాయి. వాటిలో రెండవదాని స్వభావాన్ని, దానికి ఉన్న ఒక విచిత్రమైన నిబంధనను వివరించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మొదటి మార్గంలో వీడియోను పూర్తిగా విప్పి, అందులోని ప్రతి బొమ్మనూ మళ్లీ తయారుచేసి, అక్కరలేని వాటిని వదిలి, మిగిలినవాటిని మరొకసారి కుదించి కొత్త ఫైలుగా రాస్తారు. దీనినే రీ-ఎన్‌కోడింగ్ అంటారు. కోరిన క్షణంలోనే ఖచ్చితంగా కత్తిరించడం దీనివల్ల సాధ్యమవుతుంది. అయితే గంట పాఠాన్ని ఇలా తిరగరాయడానికి మామూలు ల్యాప్‌టాప్‌కు చాలా నిమిషాలు పడుతుంది. అంతకంటే పెద్ద నష్టం నాణ్యతలో కనిపిస్తుంది. వీడియో కుదింపు సాధారణంగా కొంత వివరాన్ని పారవేసే పద్ధతి గనుక, ఒకసారి కుదించినదాన్ని విప్పి మళ్లీ కుదిస్తే, మొదట మిగిలిన వివరంలోనూ మరికొంత పోతుంది. సినిమాలో ఈ తేడాను కన్ను పట్టుకోకపోవచ్చు. పాఠంలో మాత్రం నల్లబల్ల మీది సన్నని సుద్దగీతలు, సమీకరణాలలో అక్షరాల కింద రాసే చిన్న అంకెలు వంటి సూక్ష్మరేఖలే ముందుగా మసకబారుతాయి, చదవవలసినవీ అవే.

రెండవ మార్గంలో ఏ బొమ్మనూ విప్పరు. కుదించి ఉన్న సమాచారాన్ని ఉన్నది ఉన్నట్లుగా పాత ఫైలు నుంచి కొత్త ఫైలులోకి నకలు చేస్తూ, అక్కరలేని భాగానికి చెందిన పొట్లాలను మాత్రం వదిలివేస్తారు. ఒక ఫైలును ఒక చోటి నుంచి మరొక చోటికి కాపీ చేయడానికి పట్టేంత సమయంలోనే, అంటే కొన్ని సెకన్లలోనే, పని ముగుస్తుంది. మిగిలిన బొమ్మలలో ఒక్క బిట్టు కూడా మారదు. ఇన్ని సుగుణాలున్న ఈ పద్ధతికి ఉన్న నిబంధన ఏమిటంటే, కత్తెర కోరిన క్షణంలో పడకుండా ఒక్కొక్కసారి కొన్ని సెకన్లు వెనక్కో ముందుకో జరిగి పడుతుంది. కొత్తగా ఈ పని చేసేవారు ఇది సాఫ్ట్‌వేర్ లోపమని భావించి ఒక ప్రోగ్రాము వదిలి మరొక ప్రోగ్రాము వెతుక్కుంటారు. నిజానికి ప్రోగ్రాము ఏదైనా ఫలితం ఇంతే, ఎందుకంటే కారణం వీడియోను నిల్వచేసిన తీరులోనే ఉంది.

ఆ తీరు ఎందుకు అవసరమైందో ఒక చిన్న లెక్క స్పష్టం చేస్తుంది. అడ్డంగా 1280, నిలువుగా 720 చుక్కలు గల బొమ్మలో ఒక్కొక్క చుక్కకు సగటున ఒకటిన్నర బైటు చొప్పున వేసుకొంటే, ఒక బొమ్మకు సుమారు 13 లక్షల 80 వేల బైట్లు కావాలి. సెకనుకు 25 బొమ్మలు నడిచే వీడియోలో ఇది గంటకు 124 గిగాబైట్లకు చేరుతుంది. దించుకొన్న గంట పాఠమేమో తరచుగా కొన్ని వందల మెగాబైట్లలోనే ఇమిడి ఉంటుంది. ఇంతటి కుదింపు సాధ్యం కావడానికి ముఖ్యకారణం, పక్కపక్కనున్న బొమ్మలు దాదాపు ఒకేలా ఉండటమే. అధ్యాపకుడి చేయి కదులుతుంది గాని, ఆయన వెనుక గోడ కదలదు. 2003లో ప్రమాణంగా వెలువడి నేటికీ విస్తృతంగా వాడుకలో ఉన్న హెచ్.264 పద్ధతి ఈ పోలికనే ఆధారంగా చేసుకొంటుంది. ఫ్రేము అని పిలిచే ఈ బొమ్మలలో కొన్నింటిని మాత్రమే పూర్తిగా దాచి, మిగిలినవాటి విషయంలో వేరే ఫ్రేములతో పోల్చినప్పుడు కనిపించే మార్పును మాత్రమే రాస్తుంది. పూర్తిగా దాచినది ఐ-ఫ్రేము, ముందు వచ్చిన ఫ్రేములను ఆధారం చేసుకొన్నది పి-ఫ్రేము, వెనుకా ముందూ ఉన్న ఫ్రేములను రెండింటినీ ఆధారం చేసుకోగలిగినది బి-ఫ్రేము. ఏ ఐ-ఫ్రేము దగ్గర అంతకు ముందున్న దేనినీ చూడనవసరం లేకుండా కొత్తగా విప్పడం మొదలుపెట్టవచ్చో, దానిని కీఫ్రేము అంటారు.

కిరాణా దుకాణపు ఖాతా పుస్తకంలో పేజీ తలన వెనుకటి పేజీ నుంచి తెచ్చిన నిల్వ రాసి, దాని కింద ఆ రోజు జమలు, ఖర్చులు మాత్రమే రాస్తూ పోతారు. పేజీ నడుమ నుంచి చదవడం మొదలుపెట్టినవాడికి యాభై వచ్చింది, ఇరవై పోయింది అన్న సంగతి తెలుస్తుంది గాని, పెట్టెలో ఎంత ఉందో తెలియదు. కీఫ్రేము ఆ తలన రాసిన నిల్వ వంటిది, దాని తరువాతి ఫ్రేములు కింద రాసిన పద్దుల వంటివి. వీడియో ముక్క ఒక పి-ఫ్రేముతో మొదలైతే, ఆడించే ప్రోగ్రాముకు మార్పులు తెలుస్తాయి గాని దేనిలో మార్పులో తెలియదు. అప్పుడు తెర మీద బూడిదరంగు నేపథ్యంలో కదిలే చేయి, పెదవులు మాత్రమే తేలుతూ కనిపిస్తాయి, లేదా చతురస్రాల మరకలు కమ్ముకొంటాయి, లేదా తరువాతి కీఫ్రేము వచ్చేదాకా బొమ్మే రాకుండా గొంతు మాత్రం వినబడుతుంది. ఈ దుస్థితి రాకుండా కాపాడటానికే నకలు చేసే ప్రోగ్రాములు ముక్క మొదటి అంచును కీఫ్రేము దగ్గరికి జరుపుతాయి.

ఈ కీఫ్రేములు ఎంత దూరంలో ఉంటాయన్నది వీడియోను మొదట కుదించినవారి నిర్ణయం. హెచ్.264 కుదింపుకు విస్తారంగా వాడే ఎక్స్264 అనే ప్రోగ్రాము, ఎవరూ ఏమీ చెప్పకపోతే, రెండు కీఫ్రేముల నడుమ 250 ఫ్రేములకు మించి పోనివ్వదు. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఇది పది సెకన్లు. కీఫ్రేము మిగిలినవాటి కంటే ఎన్నో రెట్లు పెద్దది గనుక వాటిని దూరదూరంగా ఉంచితే ఫైలు చిన్నదవుతుంది. దగ్గరదగ్గరగా ఉంచితే చూసేవాడు కావలసిన చోటికి గంతువేయడం తేలికవుతుంది. అందుకే ఇంటర్నెట్‌లో ప్రసారం కోసం తయారయ్యే వీడియోలలో ఈ దూరం తరచుగా కొద్ది సెకన్లకే పరిమితమవుతుంది. పాఠాల విషయంలో మరొక అనుకూలత ఉంది. ఎక్స్264 వంటి ప్రోగ్రాములు దృశ్యం ఒక్కసారిగా మారినప్పుడు పాత ఫ్రేముతో పోలిక నిరుపయోగమని గుర్తించి, గడువు రాకపోయినా అక్కడే కొత్త కీఫ్రేమును పెడతాయి. తెర నిండా ఉన్న స్లైడు మారడం అటువంటి సందర్భమే. పాఠంలో కొత్త విషయం మొదలయ్యేది సాధారణంగా స్లైడు మారినప్పుడే గనుక, కత్తిరించదలచిన చోట కీఫ్రేము తనంతట తానే ఉండే అవకాశం సినిమా నడిమి భాగంలో కంటే ఇక్కడ ఎక్కువ.

ఇప్పుడు ఈ పద్ధతిలోని అత్యంత ఉపయోగకరమైన సంగతికి రావచ్చు. కత్తెర కీఫ్రేముకు అతుక్కొంటుందన్న మాట ముక్క మొదటికి మాత్రమే వర్తిస్తుంది, చివరికి వర్తించదు. ఖాతా పేజీలో కింది సగం చింపివేసినా పై సగంలోని లెక్కకు భంగం రానట్లే, వీడియో ముక్క ఏ ఫ్రేము దగ్గర ముగిసినా దానికి ముందున్న ఫ్రేములకు కావలసిన ఆధారమంతా వెనుకనే భద్రంగా ఉంటుంది. బి-ఫ్రేములు మాత్రం తమ తరువాతి ఫ్రేమును కూడా చూస్తాయి గనుక, చిట్టచివర ఒకటి రెండు ఫ్రేములు అటూ ఇటూ కావచ్చు, కంటికి అది ఆనదు. నడుమ భాగాన్ని తొలగించడమంటే దానికి ముందున్నది మొదటి ముక్కగా, తరువాత ఉన్నది రెండవ ముక్కగా తీసుకొని అతికించడమే. ఆ తొలగింపు ఎక్కడ మొదలు కావాలన్నది మొదటి ముక్క చివర గనుక అక్కడ పూర్తి స్వేచ్ఛ ఉంది. ఎక్కడ ముగియాలన్నది రెండవ ముక్క మొదలు గనుక అక్కడ మాత్రమే కీఫ్రేమును వెతకాలి. రెండు చివరలా కీఫ్రేముల కోసం వెతికేవారు సగం శ్రమను అనవసరంగా పడుతున్నారన్న మాట.

ఒక ఉదాహరణను అంకెలతో సహా అనుసరిస్తే ఇది తేటపడుతుంది. 55 నిమిషాల పాఠం ఒకటి ఉన్నదనుకొందాం. సెకనుకు 25 ఫ్రేములు, ఫైలు పేరు lecture.mp4. ప్రొజెక్టరు ఆగిపోవడం వల్ల 21 నిమిషాల 14 సెకన్ల నుంచి 27 నిమిషాల 48 సెకన్ల వరకు పాఠం సాగలేదు. అన్నింటినీ సెకన్లలోకి మార్చుకొంటే, తొలగింపు 1274వ సెకను దగ్గర మొదలై 1668వ సెకను దగ్గర ముగియాలి. ఈ పనికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాధనం చాలు. ఫ్రెంచ్ ప్రోగ్రామరు ఫాబ్రిస్ బెలార్ 2000లో మొదలుపెట్టిన ఈ సాధనం, తెర మీద బొమ్మలు, మీటలు ఉన్న అనేక కత్తిరింపు ప్రోగ్రాములకు లోపలి యంత్రంగా పనిచేస్తోంది. దానితోపాటే వచ్చే ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌ను, 1640 నుంచి 1690 సెకన్ల మధ్య కీఫ్రేములు ఎక్కడెక్కడ ఉన్నాయని ఇలా అడగవచ్చు.

```
ffprobe -v error -read_intervals 1640%1690 -select_streams v:0 -skip_frame nokey -show_entries frame=pts_time -of csv=p=0 lecture.mp4
```

జవాబుగా వచ్చిన సమయాలలో 1651.20, 1661.20, 1664.56, 1674.56 అన్నవి ఉన్నాయనుకొందాం. మొదటి రెండింటి నడుమ సరిగ్గా పది సెకన్లు ఉండటం 250 ఫ్రేముల గడువును సూచిస్తుంది. మూడవది కేవలం 3.36 సెకన్లకే వచ్చింది, అంటే అక్కడ దృశ్యం మారింది, ప్రొజెక్టరు వెలిగి స్లైడు మళ్లీ తెర మీదికి వచ్చింది. కావలసిన 1668వ సెకను మూడవ, నాలుగవ కీఫ్రేముల నడుమ పడింది. నాలుగవదాన్ని ఎంచుకొంటే అధ్యాపకుడి మాటలలో ఆరున్నర సెకన్లు పోతాయి. మూడవదాన్ని ఎంచుకొంటే అక్కరలేని భాగం మూడున్నర సెకన్ల కంటే తక్కువే మిగులుతుంది. పాఠాల విషయంలో ఎప్పుడూ వెనుకనున్న కీఫ్రేమునే ఎంచుకోవడం మేలు, ఎందుకంటే మిగిలిపోయిన నిశ్శబ్దం అర్థాన్ని చెడగొట్టదు, తెగిపోయిన వాక్యం చెడగొడుతుంది. ఇక రెండు ముక్కలనూ తీసే ఆదేశాలు ఇవి.

```
ffmpeg -i lecture.mp4 -t 1274 -c copy part1.mp4
ffmpeg -ss 1664.56 -i lecture.mp4 -c copy part2.mp4
```

వీటిలో -c copy అన్న రెండు మాటలే ఈ పద్ధతికి ప్రాణం. వాటి భావం, దేనినీ విప్పకుండా ఉన్నదున్నట్లు నకలు చేయమని. అవి లేకపోతే సాధనం మౌనంగా రీ-ఎన్‌కోడింగ్‌కు దిగుతుంది. కొన్ని సెకన్లలో ముగియవలసిన పని నిమిషాల తరబడి సాగుతూ ఉంటే ఆ మాటలు మరచిపోయినట్లే. తరువాత list.txt అనే చిన్న ఫైలులో రెండు ముక్కల పేర్లు వరుసగా రాయాలి.

```
file 'part1.mp4'
file 'part2.mp4'
```

ఆ జాబితా ప్రకారం అతికించమని చెప్పే ఆదేశం ఇది.

```
ffmpeg -f concat -i list.txt -c copy final.mp4
```

55 నిమిషాల పాఠం నుంచి 390.56 సెకన్లు పోయి, దాదాపు 48 నిమిషాల 29 సెకన్ల ఫైలు మిగలాలి. ఈ మొత్తంలో కొన్ని సెకన్ల తేడా కనిపిస్తే రెండవ ముక్క మొదలు ఎక్కడ పడిందో చూడాలి. దశాంశాలను సర్దుబాటు చేయడంలో అడిగిన సమయం కీఫ్రేము సమయం కంటే వెంట్రుకవాసి తక్కువైతే, సాధనం దాని వెనుకనున్న కీఫ్రేముకు, ఈ ఉదాహరణలో 1661.20కి, పోవచ్చు. అటువంటప్పుడు 1664.56కు బదులు 1664.57 అని ఇస్తే సరిపోతుంది.

ఆదేశంలో -ss అన్న మాట -i కంటే ముందు రావడం యాదృచ్ఛికం కాదు. ముందు ఉంటే సాధనం అడిగిన సమయానికి వెనుకనున్న కీఫ్రేము దగ్గరికి గంతువేసి అక్కడి నుంచి నకలు చేస్తుంది. తరువాత ఉంటే మొదటి నుంచి చదువుతూ వచ్చి, అడిగిన సమయం దాటాక కనిపించిన కీఫ్రేము నుంచి మాత్రమే బొమ్మలను తీసుకొంటుంది. ధ్వనికి మాత్రం ఈ నిర్బంధం లేదు. ఏఏసీ పద్ధతిలో దాచిన ధ్వని 1024 నమూనాల చిన్న పొట్లాలుగా ఉంటుంది. సెకనుకు 44,100 నమూనాల రికార్డింగులో ఒక్కొక్క పొట్లం 23 మిల్లీసెకన్లు మాత్రమే గనుక దాన్ని దాదాపు ఎక్కడైనా తెంచవచ్చు. అందువల్ల కీఫ్రేము కాని సమయాన్ని -i తరువాత ఇచ్చినవారికి గొంతు వెంటనే మొదలై, బొమ్మ కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ముందు ఇచ్చినవారికి మరొక రకం చిక్కు ఎదురవుతుంది. ఎంపీ4 ఫైలులో ఎడిట్ లిస్ట్ అనే ఒక సూచనా పట్టిక ఉంటుంది. సాధనం కీఫ్రేము నుంచి అన్ని ఫ్రేములనూ ఫైలులో ఉంచి, వాటిలో ఫలానా క్షణం వరకు చూపవద్దని ఆ పట్టికలో రాస్తుంది. ఆ సూచనను పాటించే ప్రోగ్రాములో ముక్క సరిగ్గా కోరిన చోట మొదలవుతుంది, పాటించని దానిలో ముందున్న సెకన్లు కూడా బయటపడతాయి. ఒకే ఫైలు కంప్యూటరులో ఒకలా, టీవీలో మరొకలా మొదలవడానికి ఇది తరచుగా కారణం. అడిగే సమయం కీఫ్రేముదే అయినప్పుడు దాచవలసిన ఫ్రేములంటూ ఉండవు గనుక ఈ రెండు చిక్కులూ తలెత్తవు. ముందుగా కీఫ్రేముల జాబితా చూసుకోవడంలో ఉన్న ప్రయోజనం ఇదే.

ఐ-ఫ్రేము అయినంత మాత్రాన అది కీఫ్రేము కానక్కరలేదన్న సంగతిని కూడా ఇక్కడ గమనించాలి. కొన్ని వీడియోలలో ఐ-ఫ్రేము తరువాత నిల్వచేసిన బి-ఫ్రేములు ఆ ఐ-ఫ్రేమును దాటి వెనుకనున్న ఫ్రేములను చూస్తూ ఉంటాయి. ఈ అమరికను ఓపెన్ జీఓపీ అంటారు. టీవీ ప్రసారాల రికార్డింగులలోనూ, ఎక్స్265 ప్రోగ్రాముతో తయారైన హెచ్ఈవీసీ వీడియోలలోనూ ఇది కనిపిస్తుంది. అటువంటి చోట కత్తిరిస్తే అతుకు తరువాత కొన్ని ఫ్రేములు చెదరవచ్చు. అరసెకను పాటు మరకలు మెరిసి మాయమైతే కారణం ఇదేనని అనుమానించి, పక్కనున్న మరొక కీఫ్రేమును ప్రయత్నించడం మంచిది.

ఆదేశాలు రాయడం ఇష్టంలేనివారికి ఇదే పనిని మీటలతో చేసే లాస్‌లెస్‌కట్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అది కూడా లోపల ఎఫ్ఎఫ్ఎంపెగ్‌నే నడుపుతుంది, కీఫ్రేము నుంచి కీఫ్రేముకు గంతువేసే మీటలను తెర మీద ఇస్తుంది. ఎవిడీమక్స్‌లో వీడియో, ఆడియో రెండింటికీ కాపీ అన్న ఎంపికను ఉంచితే ఇదే ఫలితం వస్తుంది. కొన్ని ప్రోగ్రాములు స్మార్ట్ కట్ పేరుతో ఒక మధ్యేమార్గాన్ని అనుసరిస్తాయి. కోరిన క్షణం నుంచి తరువాతి కీఫ్రేము వరకు ఉన్న కొద్ది సెకన్లను మాత్రమే తిరిగి ఎన్‌కోడ్ చేసి, మిగిలినదంతా నకలు చేస్తాయి. సిద్ధాంతరీత్యా ఇది చక్కని పరిష్కారమే. అయితే కొత్తగా ఎన్‌కోడ్ చేసిన సెకన్లు, పాత భాగం రెండూ ఒకే రకమైన అమరికలతో ఉండాలి. అవి కుదరకపోతే అతుకు దగ్గర బొమ్మ ఆగిపోవడమో, రంగులు చెదరడమో జరుగుతుంది. మూడు సెకన్ల నిశ్శబ్దాన్ని వదిలించుకోవడానికి ఈ ప్రమాదాన్ని తలకెత్తుకోవడం పాఠాల విషయంలో అవసరమనిపించదు.

అతుకు సరిగా పడిందో లేదో తెలుసుకోవడానికి ఫైలంతా చూడనక్కరలేదు. ఉదాహరణలోని ఫైలులో 1274వ సెకనుకు పది సెకన్ల ముందు నుంచి ఇరవై సెకన్ల తరువాత వరకు ఆడించి, పెదవుల కదలిక మాటతో కలుస్తున్నదో లేదో గమనించాలి. ఆపైన ఫైలు చివరి నిమిషంలోనూ అదే పరీక్ష చేయాలి. అతుకు దగ్గర చిటుక్కుమన్న శబ్దం వినిపిస్తే, మొదటి ముక్క చివరను వాక్యాల మధ్య విరామంలోకి ఒకింత జరిపితే పోతుంది, అక్కడ జరుపుకొనే స్వేచ్ఛ ఉండనే ఉంది. కత్తిరించిన ఫైలును ఇతరులకు పంచదలచినవారు ఆ పాఠం లైసెన్సు మార్పులను అనుమతిస్తున్నదో లేదో ముందుగా చూసుకోవాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులలో కొన్ని మార్చిన ప్రతులను పంచడాన్ని స్పష్టంగా నిషేధిస్తాయి.

పాఠంతోపాటు .srt ఫైలుగా విడిగా వచ్చిన ఉపశీర్షికలుంటే మరొక పని మిగిలే ఉంటుంది. ఆ ఫైలులోని సమయాలన్నీ పాత వీడియోకు చెందినవి గనుక, అతుకు వరకు అవి సరిగానే నడిచి, అతుకు దాటగానే మాటలకు ఆరున్నర నిమిషాలు వెనుకబడతాయి. 1274 నుంచి 1664.56 సెకన్ల మధ్య ఉన్న శీర్షికలను తొలగించి, ఆ తరువాతి వాటన్నింటి సమయాలలో నుంచి 390.56 సెకన్లు తీసివేయాలి. ఇక్కడ తీసివేయవలసింది మొదట అనుకొన్న 394 సెకన్లు కాదు, కీఫ్రేము నిర్ణయించిన 390.56 సెకన్లు. 394 తీసివేస్తే ప్రతి శీర్షికా మాటకంటే మూడున్నర సెకన్ల ముందే తెర మీదికి వస్తుంది.